గాలి ఊదితే సరిపోలేదు: బెస్సెమర్ కన్వర్టర్, భాస్వరం, ఒక ఇటుక గోడ

ఇంటర్ రసాయన శాస్త్రం పరీక్షలో నేనొక తప్పు రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. "బెస్సెమర్ కన్వర్టర్‌లో కరిగిన ఇనుము గుండా గాలి ఊదితే కార్బన్, సిలికాన్, మాంగనీస్, భాస్వరం లాంటి మలినాలన్నీ ఆక్సీకరణం చెంది బయటికి పోతాయి, ఉక్కు మిగులుతుంది" అని రాశాను. క్లాసులో చెప్పించిన నోట్సులో అలాగే ఉంది. ఆ వాక్యంలో తప్పు ఒక్క మాటే, భాస్వరం. బెస్సెమర్ కన్వర్టర్‌లో భాస్వరం పోదు. ఎంతసేపు ఊదినా, ఎంత గట్టిగా ఊదినా పోదు.

ఆ సంగతి నాకు లోహశాస్త్రం చదువుకునేటప్పుడు తెలిసింది. మొదట చిన్న సవరణే అనుకున్నాను. తర్వాత చదివేకొద్దీ, 19వ శతాబ్దంలో ఉక్కు చవకయిన కథంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతోందని అర్థమైంది. మనకు చెప్పే కథలో హెన్రీ బెస్సెమర్ 1856లో గాలి ఊదాడు, ఉక్కు చవకైంది, రైలు పట్టాలు పరుచుకున్నాయి. నిజానికి 1856లో జరిగింది సగమే. మిగతా సగం జరగడానికి 23 ఏళ్లు పట్టింది. దాన్ని పూర్తి చేసింది గాలి కాదు, కన్వర్టర్ లోపలి గోడకు వాడిన ఇటుక. ఈ వ్యాసం ఆ గోడ గురించి.

ముందు ఉక్కు ఎందుకంత ఖరీదుగా ఉండేదో చెప్పాలి. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి దిగే పోత ఇనుములో సుమారు మూడున్నర నుంచి నాలుగు శాతం కార్బన్ ఉంటుంది. అది అచ్చులో చక్కగా పోతుంది కానీ సుత్తి దెబ్బకు పగిలిపోతుంది. కార్బన్ దాదాపు అంతా తీసేస్తే చేత ఇనుము. అది సాగుతుంది, వంగుతుంది, కానీ మెత్తన, త్వరగా అరుగుతుంది. ఈ రెండింటికీ మధ్య, రెండు శాతం లోపు కార్బన్‌తో ఉండేది ఉక్కు. అంటే ఉక్కు చేయడమంటే కార్బన్‌ను ఒక హద్దు దగ్గర ఆపడం. ఆ ఆపడమే కష్టం.

పోత ఇనుమును చేత ఇనుముగా మార్చే పని అప్పట్లో పడ్లింగ్ పద్ధతిలో జరిగేది. హెన్రీ కార్ట్ 1784లో పేటెంట్ తీసుకున్న పద్ధతి అది. ఒక కొలిమిలో రెండు వందల కిలోల పైచిలుకు ఇనుము కరిగించి, పొడవాటి ఇనుప కడ్డీతో ఒక మనిషి దాన్ని కలుపుతూ ఉండాలి. కార్బన్ తగ్గేకొద్దీ ఇనుము కరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. కాబట్టి అదే కొలిమిలో అది గడ్డకట్టి ముద్దలా తయారవుతుంది. ఆ ముద్దను పోగుచేసి బయటికి లాగి సుత్తి కింద పెడతారు. ఒక్కో విడతకు రెండు గంటలు, మంట ముందు నిలబడి. ఇంత చేస్తే వచ్చేది చేత ఇనుమే, ఉక్కు కాదు. ఉక్కు కావాలంటే ఆ కడ్డీలను బొగ్గు పొడిలో పాతిపెట్టి రోజుల తరబడి కాల్చి, మళ్ళీ చిన్న చిన్న మూసల్లో పెట్టి కరిగించాలి. షెఫీల్డ్‌లో అలా చేసిన మూస ఉక్కు టన్ను 50, 60 పౌండ్లు పలికేది. మన దగ్గర నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు ఎంత పేరున్నదో చాలామందికి తెలుసు. పర్షియా వర్తకులు కత్తుల కోసం దాన్ని కొనుక్కుపోయేవారు. అదీ మూసలో చేసిందే, ఒక్కోసారి ఒక్కో చిన్న ముద్ద. నాణ్యతలో దానికి లోటు లేదు. కానీ కత్తికి సరిపోయే ముద్దలు వేరు, వంద మైళ్ల రైలు దారి వేరు.

బెస్సెమర్ లోహశాస్త్రం చదివినవాడు కాదు. కంచు పొడితో బంగారు రంగు తయారుచేసి డబ్బు సంపాదించిన ఆవిష్కర్త. క్రిమియా యుద్ధ కాలంలో పొడవాటి ఫిరంగి గుండు ఒకటి కనిపెట్టాడు. 1854 చివర్లో ఫ్రాన్సులో దాన్ని పరీక్షించి చూపించినప్పుడు, గుండు బాగానే ఉంది గానీ మన పోత ఇనుప ఫిరంగులు ఇంత బరువైన గుండును తట్టుకోగలవా అని అక్కడి అధికారి మినియే సందేహం చెప్పాడు. బెస్సెమర్ అక్కడి నుంచి ఇనుము మీద పడ్డాడు. లండన్‌లో సెయింట్ పాంక్రాస్ దగ్గర తన ఇంటి కార్ఖానాలో ప్రయోగాలు చేస్తుండగా, కొలిమి అంచున గాలి దెబ్బ తగిలే చోట కరగకుండా నిలిచిపోయిన రెండు ఇనుప ముక్కలు కనిపించాయి. కడ్డీతో పొడిచి చూస్తే అవి పోత ఇనుము కావు. గాలి కార్బన్‌ను తినేయగా మిగిలిన పలచటి చేత ఇనుప పెంకులు. వట్టి గాలే ఈ పని చేస్తుందన్నమాట, కలిపే మనిషి అక్కర్లేదు.

ఆ తర్వాత ఆయన నిలువుగా ఒక పాత్ర కట్టి, అడుగున చుట్టూ గాలి గొట్టాలు పెట్టి, సుమారు 350 కిలోల కరిగిన ఇనుము పోసి గాలి వదిలాడు. మొదటి పది నిమిషాలు పెద్దగా ఏమీ జరగలేదు. కొన్ని మెరుపులు, కాస్త వేడి గాలి, అంతే. తర్వాత ఉన్నట్టుండి పాత్ర నోట్లోంచి తెల్లటి మంట ఎగదన్నింది. మలినాలు కాలగా కరిగి పైన తేలే చిట్టెం, ఇనుప తుంపరలు పైకప్పు దాకా చిమ్మాయి. గాలి ఆపే కవాటం పాత్ర పక్కనే ఉంది, దాని దగ్గరికి ఎవరూ పోలేకపోయారు. కాసేపటికి అదే చల్లబడింది. లోపల చూస్తే కరిగిన స్థితిలోనే ఉన్న మెత్తని ఇనుము. పడ్లింగ్‌లో గడ్డకట్టే పదార్థం ఇక్కడ నీళ్లలా పారుతోంది, ఒక్క బొగ్గు ముక్క వాడకుండా.

చల్లటి గాలి ఊదితే ఇనుము చల్లారాలి కదా, వేడెక్కడమేమిటి అని అప్పటి ఇనుము పనివాళ్లు నమ్మలేదు. వాళ్ల అనుమానం సరైనదే, జవాబు కూడా తేలికే. కాలేది ఇనుములో ఉన్న మలినాలే. కిలో కార్బన్ కాలి కార్బన్ మోనాక్సైడ్‌గా మారినప్పుడు వచ్చే వేడిని ఒక పాలు అనుకుందాం. కిలో సిలికాన్ కాలితే మూడున్నర పాళ్లు వస్తుంది. పైగా కార్బన్ కాలి వాయువై ఆ వేడిని తనతో బయటికి పట్టుకుపోతుంది. సిలికాన్ కాలితే వచ్చేది చిట్టెం, అది లోపలే ఉండిపోతుంది కాబట్టి వేడి కూడా లోపలే ఉంటుంది. టన్ను ఇనుముకు నేను లెక్క వేసుకుంటే సుమారు 300 కిలోల గాలి పట్టింది. అందులో మూడొంతులకు పైగా నైట్రోజన్. అది ఏ పనీ చేయకుండా చల్లగా వచ్చి వేడెక్కి వెళ్లిపోతుంది. ఆ నష్టమంతా పూడ్చి, ఉష్ణోగ్రతను 1,300 డిగ్రీల దగ్గర నుంచి 1,600 దాకా లేపాల్సింది ముఖ్యంగా సిలికానే. అందుకే ఈ పద్ధతికి సిలికాన్ తగినంత ఉన్న ఇనుము కావాలి. సిలికాన్ తక్కువైతే కార్బన్ పోతుంది గానీ లోహం పాత్రలోనే గడ్డకడుతుంది.

కన్వర్టర్ నడిపే మనిషి దగ్గర థర్మామీటర్ లేదు. ఊదడం జరిగే పదిహేను ఇరవై నిమిషాల్లో నమూనా తీసి పరీక్షించే వ్యవధీ లేదు. ఉన్నదల్లా పాత్ర నోట్లో మంట. మొదట సిలికాన్ కాలేటప్పుడు మంట చిన్నగా ఉండి నిప్పురవ్వలే ఎక్కువ. తర్వాత కార్బన్ వంతు వస్తుంది. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ బయటికొచ్చి గాలిలో కాలుతుంది, మంట పొడుగ్గా, కళ్లు మిరుమిట్లు గొలిపేంత తెల్లగా లేస్తుంది, పాత్ర అంతా దద్దరిల్లుతుంది. కార్బన్ అయిపోగానే ఆ మంట కుప్పకూలినట్టు పడిపోతుంది. ఆ క్షణంలో పాత్రను వంచి గాలి ఆపాలి. కొన్ని సెకన్లు ఆలస్యమైనా కాలడానికి మిగిలింది ఇనుమే. రసాయన శాస్త్రవేత్త రాస్కో 1860ల మొదట్లో షెఫీల్డ్‌లో ఆ మంటను స్పెక్ట్రోస్కోప్‌తో చూసి, కార్బన్ అయిపోయే క్షణాన కొన్ని గీతలు మాయమవుతాయని చూపించాడు. అయినా చాలాచోట్ల అనుభవమున్న కంటినే నమ్ముకున్నారు. నేను చదువుకునే రోజుల్లో విశాఖ ఉక్కు కర్మాగారానికి తీసుకెళ్తే, అక్కడి కన్వర్టర్ మంటను దూరం నుంచి చూశాను. చెవులు గడియలు పడే ఆ చప్పుడులో, ఆ వెలుగు ముందు నిలబడి, సెకన్ల తేడాలో నిర్ణయం తీసుకున్న మనుషులు ఎంతటి పనివాళ్లో అప్పుడు తెలిసింది.

1856 ఆగస్టులో చెల్టెన్‌హామ్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో బెస్సెమర్ తన పద్ధతిని వివరించాడు. ఇంధనం లేకుండా ఇనుము, ఉక్కు తయారీ అన్న శీర్షికే చాలామందిని కుర్చీల్లో కదిలించింది. పత్రికలు ప్రచురించాయి. నెల తిరక్కముందే ఇనుము కంపెనీలు లైసెన్సుల కోసం 27,000 పౌండ్లు చెల్లించాయి. కన్వర్టర్లు కట్టుకుని ఊదారు. వచ్చిన లోహాన్ని సుత్తి కింద పెడితే కొన్నిచోట్ల ఎర్రగా ఉండగానే చిట్లిపోయింది. కొన్నిచోట్ల వేడిగా ఉన్నప్పుడు బాగానే సాగి, చల్లారాక దెబ్బ తగిలితే గాజులా పుటుక్కున విరిగింది. కొన్ని నెలల కింద ఆకాశానికెత్తినవాళ్లే మోసమన్నారు.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. వీటిని కలిపి చెప్పడం వల్లే కథ గందరగోళమవుతుంది, అందుకే విడివిడిగా చెప్తాను.

మొదటిది, కాక మీద చిట్లడం. గాలి ఊదాక లోహంలో ఆక్సిజన్ మిగిలిపోతుంది, గంధకం కూడా కొంత ఉంటుంది. ఇవి ఇనుప గింజల అంచుల దగ్గర చేరి, ఎర్రగా కాగినప్పుడు ఆ అతుకులను వదులు చేస్తాయి. దీనికి మందు కనిపెట్టినవాడు రాబర్ట్ మషెట్, ఇంగ్లండ్‌లో డీన్ అడవి ప్రాంతపు మనిషి. ఊదడం పూర్తయ్యాక మాంగనీస్, కార్బన్ ఉన్న స్పీగెలైసన్ అనే మిశ్రమ ఇనుమును కరిగించి కలిపాడు. మాంగనీస్ ఆక్సిజన్‌ను లాక్కుని చిట్టెంలోకి పోతుంది, గంధకాన్ని కట్టిపడేస్తుంది. దానితో పాటు వచ్చిన కార్బన్ ఉక్కుకు కావలసిన మోతాదును తిరిగి ఇస్తుంది. దీనివల్ల ఇంకో పెద్ద మేలు జరిగింది. కార్బన్‌ను సరిగ్గా అర శాతం దగ్గర ఆపడమనే అసాధ్యమైన పని తప్పిపోయింది. మొత్తం కాల్చేయడం, తర్వాత కొలిచి కలపడం. నా దృష్టిలో ఇది ఊదడంతో సమానమైన ఆవిష్కరణ. మషెట్ చేసిన ఉక్కు పట్టా ఒకటి 1857లో డెర్బీ స్టేషన్ దగ్గర వేశారు. అంతకుముందు అక్కడ ఇనుప పట్టాలు నెలల్లోనే అరిగిపోయేవి. ఉక్కు పట్టా 1873 దాకా పనిచేసింది. ఈలోగా 50 పౌండ్ల స్టాంపు రుసుం కట్టకపోవడంతో 1859లో మషెట్ పేటెంట్ చెల్లకుండా పోయింది. ఆ పద్ధతితో ప్రపంచమంతా ఉక్కు చేసింది, ఆయనకు హక్కు దక్కలేదు. కొన్నేళ్ల తర్వాత ఆయన కూతురు వెళ్లి అడిగితే బెస్సెమర్ ఏడాదికి 300 పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

రెండో జబ్బు చల్లారాక విరగడం. దీనికి కారణం భాస్వరం. ఉక్కులో అది పదో వంతు శాతం ఉన్నా ప్రమాదమే. మషెట్ మందు దీనికి పనిచేయదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. లైసెన్సులు కొన్న కంపెనీలు అవే ఖనిజాలతో దశాబ్దాలుగా మంచి చేత ఇనుము చేస్తున్నాయి. ఆ ఖనిజాల్లోనూ భాస్వరం ఉంది. పడ్లింగ్‌లో పోయిన భాస్వరం కన్వర్టర్‌లో ఎందుకు పోలేదు? కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఎక్కువ, వేడి ఎక్కువ, సుడి ఎక్కువ. మామూలుగా ఆలోచిస్తే ఇక్కడే ఇంకా బాగా పోవాలి.

నా పరీక్ష జవాబు తప్పింది ఇక్కడే. భాస్వరం కాలడం ఒక్కటే చాలదు. కాలిన భాస్వరం ఆమ్ల గుణమున్న ఆక్సైడ్. దాన్ని పట్టుకుని ఉంచే క్షారం చిట్టెంలో ఉండాలి. లేకపోతే పక్కనే ఉన్న కరిగిన ఇనుము దాని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది, భాస్వరం మళ్ళీ లోహంలోకే దిగుతుంది. పడ్లింగ్ కొలిమిలో అడుగున పరిచేది ఇనుప ఆక్సైడ్, అది క్షార గుణమున్నది. చిట్టెం నిండా కూడా అదే. పైగా అక్కడ వేడి తక్కువ, వేడి తక్కువైతే భాస్వరం చిట్టెంలో నిలవడం తేలిక. బెస్సెమర్ కన్వర్టర్ లోపలి గోడకు వాడింది గానిస్టర్ అనే ఇసుకరాయి, అంటే దాదాపు అంతా సిలికా. సిలికా ఆమ్ల గుణమున్నది. ఇనుములోని సిలికాన్ కాలి వచ్చే చిట్టెం కూడా సిలికాయే. ఆమ్లం నిండిన చోట ఇంకో ఆమ్లానికి చోటు దొరకదు. భాస్వరం బయటికి పోవడానికి తలుపే లేదు.

మరి సెయింట్ పాంక్రాస్‌లో బెస్సెమర్ చేసిన మొదటి లోహం ఎందుకు బాగుంది? ఆయన కొన్న ఇనుము వేల్స్‌లోని బ్లేనవాన్ నుంచి వచ్చింది. అందులో అదృష్టవశాత్తూ భాస్వరం తక్కువ. ఆయన దాన్ని ఎంచి తెప్పించలేదు, చేతికి దొరికింది వాడాడు. అంటే మొదటి విజయంలో పద్ధతి ఎంతో, ఆ ఇనుప దిమ్మలు వచ్చిన ఊరు కూడా అంతే. బెస్సెమర్ గొప్పదనాన్ని తగ్గించడానికి ఇది చెప్పడం లేదు. తన పద్ధతి పనిచేయడానికి షరతు ఏమిటో ఆయనకే తెలియకుండా ఆయన దాన్ని ప్రపంచానికి ప్రకటించాడు. ఆ షరతు తెలుసుకోవడానికి లైసెన్సులు కొన్నవాళ్ల డబ్బు ఖర్చయింది.

బెస్సెమర్ ఎంచుకున్న దారి ఖనిజం మార్చడం. స్వీడన్‌లో గోరాన్సన్ అనే వర్తకుడు ఎడ్‌స్కెన్ దగ్గర అక్కడి కట్టెబొగ్గు ఇనుముతో 1858 జులైలో మంచి ఉక్కు ఊదాడు. ఆ ఇనుములో భాస్వరం చాలా తక్కువ, మాంగనీస్ సహజంగానే ఉంది. బెస్సెమర్ షెఫీల్డ్‌లో సొంత కార్ఖానా పెట్టి, స్వీడన్ ఇనుముతో మొదలుపెట్టి, తర్వాత ఇంగ్లండ్‌లోనే కంబర్లాండ్ హెమటైట్ ఇనుముకు మారాడు. పాత్రను ఇరుసు మీద వంగేలా చేశాడు. వంచి ఇనుము పోయడం, నిలబెట్టి ఊదడం, వంచి ఉక్కు దించడం. ఒక్కసారికి అయిదు టన్నులు, పది టన్నులు, ఇరవై నిమిషాల్లో. ఉక్కు ధర పడిపోవడం మొదలైంది. కానీ భాస్వరం లేని ఖనిజం ఉన్నవాళ్లకే ఈ భాగ్యం. అమెరికాలో సుపీరియర్ సరస్సు చుట్టూ అలాంటి ఖనిజం దండిగా ఉంది, కాబట్టి అక్కడ పద్ధతి ఉన్నదున్నట్టుగా పాకింది. ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బరో పక్కనే ఉన్న క్లీవ్‌లాండ్ కొండల ఖనిజంతో చేసిన ఇనుములో ఒకటిన్నర శాతం భాస్వరం. ఫ్రాన్స్, జర్మనీ సరిహద్దులోని లోరేన్ ఖనిజం కూడా అదే తీరు. గుమ్మం ముందు కొండంత ఖనిజం ఉండగా, ఉక్కు చేయాలంటే స్పెయిన్ నుంచి ఓడల్లో ఖనిజం తెప్పించుకోవాల్సి వచ్చింది.

ఈ ముడి విప్పినవాడు ఇనుము కంపెనీ మనిషి కాదు. సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ 1850లో పుట్టాడు. తండ్రి పోవడంతో చదువు ఆపి లండన్‌లో పోలీసు కోర్టులో గుమాస్తాగా చేరాడు. పగలు స్టెప్నీలో చిల్లర నేరాల కేసుల కాగితాలు, సాయంత్రం బర్క్‌బెక్ సంస్థలో రసాయన శాస్త్రం తరగతులు. బెస్సెమర్ కన్వర్టర్‌లో భాస్వరం తీసే దారి కనిపెట్టినవాడికి తిరుగుండదని అక్కడి ఉపాధ్యాయుడు ఛాలనర్ అన్న మాట ఈ కుర్రవాడి మనసులో నాటుకుంది. ఆలోచించి అతను తేల్చింది, గోడ ఆమ్లమైనంతకాలం లాభం లేదని. చిట్టెంలో సున్నం వేస్తే చాలదు, ఎందుకంటే ఆ సున్నం గోడలోని సిలికాతో కలిసిపోతుంది, గోడా పోతుంది, సున్నమూ వృథా. కాబట్టి గోడనే క్షారంతో కట్టాలి.

అనడం తేలిక. వట్టి సున్నంతో గోడ కడితే పొడైపోతుంది, తడి తగిలితే విరిసిపోతుంది. థామస్ మేనమామ కొడుకు పెర్సీ గిల్‌క్రిస్ట్ ఒక ఇనుము కార్ఖానాలో రసాయనవేత్త. ఆ కార్ఖానా ఉన్న ఊరు బ్లేనవాన్. ఇరవై ఏళ్ల కింద బెస్సెమర్‌కు భాస్వరం లేని ఇనుము దొరికిన ఊళ్లోనే భాస్వరానికి విరుగుడు పుట్టింది. కొద్ది కిలోల ఇనుము మాత్రమే పట్టే బుల్లి కన్వర్టర్‌తో మొదలుపెట్టారు. లండన్ నుంచి థామస్ సెలవు దొరికినప్పుడల్లా రావడం, లేనప్పుడు ఉత్తరాలు. చివరికి కుదిరిన వంటకం ఇది: సున్నపురాయి లాంటిదే అయిన డోలమైట్ అనే రాయిని అతి తీవ్రమైన వేడిలో కుంచించుకుపోయేదాకా కాల్చి, పొడి చేసి, తారుతో కలిపి ఇటుకలుగా, పూతగా వాడటం. తారు మండి మిగిలే కార్బన్ ఆ గింజలను పట్టి ఉంచుతుంది.

1878 మార్చిలో లండన్‌లో ఐరన్ అండ్ స్టీల్ ఇన్‌స్టిట్యూట్ సమావేశంలో భాస్వరం మీద చర్చ జరుగుతుంటే, ఈ ఇరవై ఏడేళ్ల గుమాస్తా లేచి, కన్వర్టర్‌లోనే తాము భాస్వరాన్ని దాదాపు పూర్తిగా తీశామని చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. అదే ఏడు పారిస్ సమావేశంలో చదవాల్సిన వారి వ్యాసం వాయిదా పడింది. కానీ అక్కడ మిడిల్స్‌బరోలోని బోల్కో వాన్ కంపెనీ మేనేజరు విండ్సర్ రిచర్డ్స్ థామస్‌తో మాట్లాడాడు. గుమ్మం ముందు క్లీవ్‌లాండ్ ఖనిజం పెట్టుకుని కూర్చున్న మనిషి కాబట్టి ఆయనకు ఆ మాట విలువ తెలిసింది. 1879 ఏప్రిల్ 4న మిడిల్స్‌బరోలో అందరి ముందూ ఊది చూపించారు. ఆ తర్వాత యూరప్ నుంచి వచ్చిన ఇనుము వ్యాపారులతో ఆ ఊరు నిండిపోయింది. సెప్టెంబరు కల్లా జర్మనీలో ఈ పద్ధతి మొదలైంది.

అలాంటి ఒక ఊదుడును లెక్కతో చూద్దాం. అంకెలు గుండ్రంగా తీసుకుంటున్నాను. పది టన్నుల క్లీవ్‌లాండ్ తరహా ఇనుము, అందులో 350 కిలోల కార్బన్, 100 కిలోల సిలికాన్, 150 కిలోల భాస్వరం. ముందు పాత్రలో సుమారు టన్నున్నర సున్నం వేస్తారు, దాని మీద ఇనుము పోస్తారు. సిలికాన్ తక్కువగానే ఉండాలి, ఎక్కువైతే దాన్నుంచి వచ్చే సిలికా సున్నాన్నీ గోడనూ తినేస్తుంది. అయితే పాత పద్ధతిలో వేడికి ఆధారం సిలికానే కదా, అది తగ్గితే లోహం గడ్డకట్టదా? ఇందాకటి పాళ్లతో చూడండి. కార్బన్ నుంచి 350 పాళ్లు, సిలికాన్ నుంచి మూడున్నర రెట్లు అంటే మరో 350. కిలో భాస్వరం కాలితే రెండున్నర పాళ్లకు కాస్త పైనే వస్తుంది. 150 కిలోలకు సుమారు 390. ఇన్నాళ్లూ విషమనుకున్న భాస్వరమే అన్నిటికంటే పెద్ద ఇంధనమైంది. అందుకే ఈ పద్ధతికి భాస్వరం మధ్యస్థంగా ఉన్న ఇనుము పనికిరాదు. ఉంటే దండిగా ఉండాలి, లేదా పాత పద్ధతికి సరిపోయేంత తక్కువగా ఉండాలి. రెంటికీ మధ్యలో ఉన్న ఖనిజాలకు కన్వర్టర్ ఎప్పుడూ సరైన చోటు కాలేదు.

ఊదడం మొదలయ్యాక సిలికాన్, తర్వాత కార్బన్, ఇదంతా పాత క్రమమే. మంట పడిపోతుంది. పాత పద్ధతిలో ఆపాల్సింది ఇక్కడ. కానీ భాస్వరం అప్పటికి ఇంకా చాలావరకు లోపలే ఉంది. కార్బన్ ఉన్నంతసేపూ ఆక్సిజన్‌ను అదే తినేస్తుంది, సున్నం కూడా గడ్డలుగానే ఉంటుంది. కార్బన్ అయిపోయాక కొంత ఇనుము కాలి ఆక్సైడ్ అవుతుంది, అది సున్నాన్ని కరిగిస్తుంది. అప్పుడు గానీ భాస్వరాన్ని పట్టుకునే చిట్టెం తయారుకాదు. కాబట్టి మంట పడిపోయాక కూడా రెండు మూడు నిమిషాలు ఊదాలి. ఈ నిమిషాల్లో దారి చూపే మంట లేదు. అందుకని పాత్రను వంచి, గరిటెతో కొంచెం లోహం తీసి, చిన్న అచ్చులో పోసి, సుత్తితో చదును చేసి, నీళ్లలో ముంచి విరిచి చూసేవారు. విరిగిన చోట పెద్ద పెద్ద గింజలు తళతళ మెరిస్తే భాస్వరం ఇంకా ఉందని, మళ్ళీ నిలబెట్టి ఊదాలని. గింజ సన్నగా, మసక బూడిద రంగులో ఉంటే అయినట్టే. ఇంకో జాగ్రత్త ఉంది. మషెట్ మందు వేసే ముందు చిట్టెంను వీలైనంత వంపేయాలి. లేకపోతే స్పీగెలైసన్‌లోని కార్బన్, మాంగనీస్ ఆ చిట్టెంలోని భాస్వరాన్ని విడిపించి తిరిగి ఉక్కులోకి తోసేస్తాయి. పడిన శ్రమంతా నిమిషంలో పోతుంది.

వంపేసిన ఆ చిట్టెం నిండా సున్నంతో కట్టుబడిన భాస్వరం. దాన్ని మెత్తగా దంచి పొలాల్లో చల్లితే మంచి ఎరువని త్వరలోనే తేలింది. జర్మనీ రైతులు దాన్ని థామస్ పొడి అనే పిలుచుకున్నారు. థామస్ అది ఎంతో కాలం చూడలేదు. ఊపిరితిత్తుల జబ్బుతో 1885లో పారిస్‌లో పోయాడు, 34 ఏళ్లకే.

గాలితో ఊదే పద్ధతికి ఒక లోపం చివరిదాకా పోలేదు, దాన్ని గోడ కూడా మార్చలేకపోయింది. గాలిలోని నైట్రోజన్ కొంత ఉక్కులో కరిగి ఉండిపోతుంది. అలాంటి ఉక్కు కాలం గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. పైగా పాత ఇనుము తుక్కు కరిగించేంత వేడి కన్వర్టర్‌లో మిగలదు. ఈ రెండు కారణాల వల్ల, గంటల తరబడి నిదానంగా, నమూనాలు చూసుకుంటూ పనిచేసే సీమెన్స్-మార్టిన్ కొలిమి ముందుకొచ్చింది. అమెరికాలో 1908 నాటికి అది బెస్సెమర్‌ను దాటేసింది. ఆ కొలిమిలో కూడా భాస్వరం తీయడానికి వేసింది థామస్ గోడే.

1952లో ఆస్ట్రియాలోని లింజ్‌లో గాలికి బదులు స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను పైనుంచి ఊదే కన్వర్టర్ నడిచింది. నైట్రోజన్ బెడద తీరింది, వేడి మిగిలి తుక్కు కరిగింది. విశాఖలో నేను దూరం నుంచి చూసింది ఆ రకమే. ఆ రోజు మమ్మల్ని తిప్పి చూపించిన ఇంజినీరు గారు మంట గురించి, ఆక్సిజన్ గురించి చాలా చెప్పారు. పైన వరుసగా ఉన్న తొట్లు చూపించి "అవేంటి సార్" అని నేను అడిగితే, "సున్నం, డోలమైట్ బాబూ, ప్రతి హీట్‌కీ వేస్తాం" అన్నారు. "గోడ కూడా క్షారం ఇటుకే" అని కలిపారు. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను గానీ, ఇంటర్ పరీక్షలో రాసిన వాక్యంతో దాన్ని కలిపి చదువుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.